స్లైడ్ల ఫోటోలు పంపి ‘స్పీకర్ నోట్స్ యాడ్ చేయండి’ అంటే: ఎవరికో, ఎంతసేపో తెలియనప్పుడు ఎలా రాయాలి

శిక్షణ తరగతులకు మెటీరియల్ తయారుచేసేవాళ్లు, ఆఫీసులో కంప్యూటర్ పని వచ్చని పేరు పడినవాళ్లు, పీజీ విద్యార్థులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఎవరో వాట్సాప్‌లో స్లైడ్ల ఫోటోలు పంపుతారు. కింద ‘స్పీకర్ నోట్స్ యాడ్ చేయండి’ అని ఒక్క ముక్క ఉంటుంది. అసలు ఫైల్ ఉండదు, వినేదెవరో తెలియదు, పది నిమిషాలో గంటో చెప్పరు. ఫోన్ చేస్తే ఎత్తరు. అయినా పని ఆగకూడదు.

ఆపక్కర్లేదు కూడా. ఎక్కడ కోసినా నిలబడేలా నోట్స్ రాస్తే, వినేవాళ్లెవరైనా, సమయమెంతైనా వక్త వాటిని వాడుకోగలరు. అలా రాసే పద్ధతిని ఒక ఉదాహరణ పట్టుకుని చెబుతాను. అయిదేళ్లలోపు పిల్లల నీళ్ల విరేచనాల మీద ఆరు స్లైడ్లు వచ్చాయనుకుందాం: 1. శీర్షిక, 2. ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని గుర్తుపట్టడం, 3. ఓఆర్‌ఎస్ కలపడం, 4. ఎంత తాగించాలి, 5. జింక్ మాత్రలు, 6. ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్లాలి. ఈ స్లైడ్లు ఆశా కార్యకర్తల సమావేశానికీ వెళ్లొచ్చు, అంగన్‌వాడీలో తల్లుల ముందుకూ వెళ్లొచ్చు, నర్సింగ్ కాలేజీకీ వెళ్లొచ్చు. మనకు తెలియదు.

కావలసినవి

వచ్చిన ఫోటోలన్నీ, ఒక కాగితం, నోట్స్ రాయడానికి ఒక ఫైల్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. చివర్లో పది నిమిషాలు కూర్చుని వినే మనిషి ఒకరు. ఆ విషయం గురించి ఏమీ తెలియనివాళ్లయితే ఇంకా మంచిది.

1. ముందు ఫోటోల వరస తేల్చండి

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైలు పేరు IMG-20250612-WA0007 లాగా మారిపోతుంది. చివరనున్న అంకె మీ ఫోన్‌కు ఫోటో చేరిన క్రమాన్ని చెబుతుంది కానీ స్లైడు నంబరు కాదు. ఫోటో తీసిన సమయం కూడా ఫైల్లో మిగలదు. కాబట్టి ఫైలు పేర్లను నమ్మి వరస పెట్టకండి. స్లైడు మూలన నంబరు ఉందేమో చూడండి. లేకపోతే విషయాన్ని బట్టి పేర్చి, ‘ఈ వరస నేను పెట్టింది’ అని నోట్స్ పైన రాయండి.

నంబర్లు ఉంటే మధ్యలో ఏదైనా తప్పిపోయిందేమో చూడండి. మూడు తర్వాత అయిదు కనిపిస్తే నాలుగో స్లైడు రాలేదన్నమాట. ఒకే స్లైడుకు రెండు ఫోటోలు ఉంటే ఒకటి తీసేసే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కో పాయింటూ విడివిడిగా తెర మీదకు వచ్చే స్లైడ్లలో, రెండో ఫోటోలో ఒక పంక్తి ఎక్కువ ఉంటుంది.

2. స్లైడులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి

నోట్స్ మొదలుపెట్టకముందే ప్రతి స్లైడులోని మాటలు, అంకెలు ఫైల్లోకి ఎక్కించండి. విసుగు పుట్టే పనే, కానీ తప్పులన్నీ ఇక్కడే దొరుకుతాయి. ప్రొజెక్టర్ తెరను ఫోటో తీస్తే లైటు పడి కొన్ని అంకెలు వెలిసిపోతాయి. పక్క నుంచి తీసిన ఫోటోలో చివరి నిలువు వరస నలిగినట్టు ఉంటుంది. 1కీ 7కీ, 3కీ 8కీ తేడా తెలియదు.

అంకె కనిపించకపోతే ఊహించి పూరించకండి. మన ఉదాహరణలో అయిదో స్లైడు చూడండి. ‘6 నెలల నుంచి 5 ఏళ్లు: రోజుకు 20 ఎంజీ, 14 రోజులు’ అన్న పంక్తి స్పష్టంగా ఉంది. పైనున్న ‘2 నుంచి 6 నెలలు’ దగ్గర అంకె మీద లైటు పడింది. ఆ వయసుకు ఇచ్చేది 10 ఎంజీ అని మీకు తెలిసే ఉండొచ్చు, అది నిజమే. కానీ స్లైడులో అక్కడ ‘అర మాత్ర’ అని రాసి ఉండొచ్చు. మన దగ్గర పంచే మాత్ర 20 ఎంజీ కాబట్టి రెండూ ఒకటే. అయినా తెర మీద ఒకటి కనిపిస్తూ చేతిలో ఇంకొకటి ఉంటే వక్త అందరి ముందూ తడబడతారు. అందుకని ఇలా రాయండి:

[ఫోటోలో కనిపించలేదు. 10 ఎంజీ లేదా అర మాత్ర అయి ఉండాలి. స్లైడుతో సరిచూసుకోండి.]

ఈ గుర్తును వేరే రంగులో పెట్టండి. మాత్రల మోతాదు, డబ్బు, తేదీ, మనిషి పేరు: ఈ నాలుగింటి దగ్గర ఎంత చిన్న అనుమానం వచ్చినా గుర్తు పెట్టాల్సిందే.

3. ఒకే మెసేజ్‌లో అన్నీ అడగండి, జవాబు కోసం ఆగకండి

ఒక్కొక్క ప్రశ్నే విడిగా పంపితే మొదటిదానికి జవాబు వస్తుంది, మిగతావి పైకి జరిగిపోతాయి. జవాబు రాయడం సులువుగా ఉండేలా అన్నీ ఒకేచోట అడగండి:

‘సార్, ఆరు స్లైడ్ల ఫోటోలు అందాయి. 1. వినేవాళ్లు తల్లులా, ఆశా కార్యకర్తలా, విద్యార్థులా? 2. ఎన్ని నిమిషాలు? 3. తెలుగులోనే మాట్లాడతారా? 4. అయిదో స్లైడులో పై అంకె కనిపించలేదు, ఆ ఒక్కటీ మళ్లీ పంపగలరా? ఫైల్ ఉంటే డాక్యుమెంట్‌గా పంపండి. ఈలోగా ఎవరికైనా పనికొచ్చేలా నోట్స్ మొదలుపెడుతున్నాను.’

చివరి వాక్యం తప్పకుండా రాయండి. అది లేకపోతే మీరు జవాబు కోసం ఎదురుచూస్తున్నారని వాళ్లు, వాళ్లు పంపుతారని మీరు కూర్చుంటారు.

జవాబు రాకపోతే ఫైలు మొదటి పంక్తిలో మీరు అనుకున్నది రాసేయండి: ‘వినేవాళ్లు, సమయం తెలియలేదు. అయిదు నిమిషాల నుంచి ఇరవై నిమిషాల దాకా వాడుకునేలా రాశాను.’

4. స్లైడుకు ఒక్క వాక్యం

కాగితం మీద ప్రతి స్లైడుకూ ఒకే ఒక్క వాక్యం రాయండి. ఈ స్లైడు అయిపోయాక వినేవాళ్ల తలలో ఏం మిగలాలి? మూడో స్లైడుకు నేనైతే ఇలా రాస్తాను: ‘ప్యాకెట్ మొత్తం ఒకేసారి, కొలిచిన లీటరు నీళ్లలోనే కలపాలి.’ స్లైడులో అయిదు పాయింట్లు ఉండొచ్చు. ఉన్నా వాక్యం ఒకటే.

ఆరు వాక్యాలూ వరసగా చదవండి. ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టినట్టు ఉండాలి. నాలుగు నుంచి అయిదుకు వెళ్లేటప్పుడు గెంతినట్టుంటే, అక్కడ వక్తకు ఒక వంతెన వాక్యం కావాలి: ‘ఓఆర్‌ఎస్ పోయిన నీళ్లను తిరిగి ఇస్తుంది. విరేచనాలు త్వరగా తగ్గడానికి దాంతోపాటు ఇంకొకటి ఇస్తాం.’

5. ప్రతి స్లైడుకూ మూడు పొరలు

ఈ పనికి ప్రాణం ఇదే, కొంచెం నిదానంగా చదవండి. ప్రతి స్లైడు కింద మూడు శీర్షికలు పెట్టండి.

‘తప్పక’: మూడు నాలుగు వాక్యాలు. అయిదు నిమిషాలే దొరికినా ఇవి చెప్పాలి.

‘వీలుంటే’: కారణం, ఒక ఉదాహరణ, జనం సాధారణంగా చేసే పొరపాటు.

‘వినేవాళ్లను బట్టి’: తల్లులకు ఇలా, ఆరోగ్య కార్యకర్తలకు ఇలా అని విడిగా ఒక్కో వాక్యం.

మూడో స్లైడు మీద ఉన్నది ఇంతే: ‘ఒక ప్యాకెట్, ఒక లీటరు శుభ్రమైన నీరు, 24 గంటల్లో వాడాలి.’ దానికి నోట్స్ ఇలా వస్తాయి:

*తప్పక:* ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఒక లీటరు తాగే నీళ్లు కొలిచి గిన్నెలో పోసి, ప్యాకెట్ మొత్తం అందులో వేసి కరిగేదాకా కలపండి. మూత పెట్టి ఉంచండి. ఇరవై నాలుగు గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపండి.

*వీలుంటే:* చాలామంది ప్యాకెట్‌లో కొంచెం తీసి గ్లాసులో కలుపుతారు, మిగతాది మడిచి దాస్తారు. అలా చేస్తే ఉప్పు, గ్లూకోజు ఏ పాళ్లలో పడ్డాయో తెలియదు. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం. నీళ్లు ఎక్కువైతే పోయిన లవణాలు సరిపడా అందవు. [ఇక్కడ లీటరు సీసా చూపించండి.]

*వినేవాళ్లను బట్టి:* తల్లులకైతే: ‘మీ ఇంట్లో లీటరు కొలవడానికి ఏం వాడతారు?’ అని అడిగి, వాళ్లు చెప్పిన గిన్నెతోనే కలిపి చూపించండి. కార్యకర్తలకైతే: ఇంటికెళ్లినప్పుడు మీరు కలిపి ఇవ్వకండి, తల్లి చేత కలిపించి చూడండి. విద్యార్థులకైతే: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఇప్పటి ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. గ్లూకోజు తోడుంటే పేగులో సోడియం బాగా లోపలికి వెళ్తుంది.

*వక్త సరిచూడాలి:* స్లైడులో ‘ఒక ప్యాకెట్, ఒక లీటరు’ అని ఉంది. దుకాణాల్లో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా అమ్ముతారు. ‘ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో చూడండి’ అన్న మాట కలపమంటారా?

ఆ చివరి శీర్షిక ఎందుకంటే, స్లైడులో లేని విషయం మనకు ఎంత బాగా తెలిసినా వక్త నోట్లో పెట్టేయకూడదు. పెట్టాలనిపిస్తే ప్రశ్నగా పెట్టండి, నిర్ణయం వాళ్లది. పాత స్లైడ్ల విషయంలో ఇది బాగా పనికొస్తుంది. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అసలు ఫార్ములా కాని తీపి పానీయాల పేరులో ‘ఓఆర్‌ఎస్’ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. అంతకుముందు చేసిన స్లైడులో ఆ సంగతి ఉండదు. తల్లుల ముందు మాట్లాడేవాళ్లకు మాత్రం అది చాలా అవసరమైన మాట. దాన్ని ‘వక్త సరిచూడాలి’ కింద రాసి పంపండి.

హెచ్చరిక: ‘తప్పక’ పొర దేని మీదా ఆధారపడకూడదు

మూడో స్లైడు ‘వీలుంటే’లో గ్లాసులో కలిపే పొరపాటు చెప్పాం. నాలుగో స్లైడు ‘తప్పక’లో ‘ఇందాక చెప్పిన పొరపాటు ఇక్కడా జరుగుతుంది’ అని రాశారనుకోండి. సమయం లేక వక్త మూడో స్లైడులో ఆ భాగం వదిలేస్తే, నాలుగో స్లైడు దగ్గర ఆ మాటకు అర్థం ఉండదు. అందుకే ‘తప్పక’లో ‘ఇందాక’, ‘ముందు చూసినట్టు’, ‘ఆ ఉదాహరణలో లాగే’ వంటి మాటలు కనిపిస్తే అనుమానించండి. అవి పట్టుకున్నది కూడా ‘తప్పక’లోనే ఉంటే ఫరవాలేదు. లేకపోతే ఆ సంగతి అక్కడే ఒక ముక్కలో మళ్లీ చెప్పండి.

6. రాయకూడని మాటలు కొన్ని

‘అందరికీ శుభోదయం’ వద్దు, సభ సాయంత్రం కావచ్చు. ‘రాబోయే ఇరవై నిమిషాల్లో’ వద్దు. ‘మీరంతా క్షేత్రస్థాయిలో పనిచేసేవాళ్లు కాబట్టి’ వద్దు. వీటి స్థానంలో [పలకరింపు], [సమయం చెప్పండి] అని ఖాళీలు పెట్టండి.

‘నా ఇరవై ఏళ్ల అనుభవంలో’, ‘నిన్ననే ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది’ లాంటివి అసలు వద్దు. ఆ అనుభవం వక్తది, మనం కల్పించి ఇచ్చేది కాదు. అక్కడ కథ ఉంటే బాగుంటుందనిపిస్తే [మీరు చూసిన సంఘటన ఒకటి, అర నిమిషం] అని చోటు వదలండి. మంచి వక్త ఆ ఖాళీని మనకంటే బాగా నింపుతారు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇంకొకటి. స్లైడులో ఉన్న పాయింట్లనే పూర్తి వాక్యాలుగా మార్చి నోట్స్ అనడం. తెర మీద ‘24 గంటల్లో వాడాలి’ అని కనిపిస్తుంటే నోట్స్‌లో ‘దీనిని 24 గంటల లోపు వినియోగించవలెను’ అని ఉంటే వక్తకు ఏం ఒరిగింది? మిగిలింది ఏం చేయాలో చెబితే అది నోట్స్. ‘వినియోగించవలెను’ అన్న భాష కూడా మార్చండి. నోట్లోంచి వచ్చే మాట ‘వాడేయండి’ అనే.

7. సమయం లెక్క

నిమిషానికి ఇన్ని మాటలని ఇంగ్లీషు ప్రసంగాల కోసం చెప్పే లెక్క తెలుగుకు పెట్టకండి. ‘తాగించకపోయినా’ మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో అది నాలుగైదు. మీ లెక్క మీరే కట్టుకోండి: రాసిన నోట్స్‌ను సభలో మాట్లాడే నిదానంతో ఒక నిమిషం పైకి చదివి, ఎన్ని మాటలు అయ్యాయో లెక్కపెట్టండి. ఆ అంకెతో మొత్తం మాటల్ని భాగిస్తే నిమిషాలు వస్తాయి. మనసులో చదివితే తప్పుడు లెక్క వస్తుంది, నోరు కంటికంటే చాలా నెమ్మది.

తర్వాత ఫైలు పైన మూడు పంక్తులు రాయండి. మన ఆరు స్లైడ్లకు అవి ఇలా ఉండొచ్చు: ‘తప్పక’ ఒక్కటే చదివితే అయిదు నిమిషాలు. ‘వీలుంటే’ కూడా కలిపితే పన్నెండు. వినేవాళ్ల భాగం, కలిపి చూపించడం, ప్రశ్నలు కలిపితే ఇరవై. వక్తకు వేదిక దగ్గర ‘త్వరగా ముగించండి’ అన్న చీటీ వస్తే ఏం వదలాలో ఈ పంక్తులే చెబుతాయి. ఇంకా కోయాల్సి వస్తే ఏ స్లైడు దాటేయొచ్చో కూడా ఒకటి సూచించండి. ఇక్కడ నేనైతే శీర్షిక స్లైడు దాటేస్తాను, ఆరోది మాత్రం ముట్టుకోను. బిడ్డ తాగలేకపోతుంటే, మగతగా ఉంటే, విరేచనంలో రక్తం పడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్న మాట అందులోనే ఉంది.

8. నోట్స్ ఎక్కడ పెట్టాలి

అసలు ఫైల్ వస్తే పని తేలిక. పవర్‌పాయింట్‌లో View మెనూలో Notes నొక్కితే స్లైడు కింద రాసే చోటు తెరుచుకుంటుంది. ‘తప్పక’, ‘వీలుంటే’ అన్న శీర్షికలతో సహా అక్కడ అతికించండి. పంక్తులు చిన్నవిగా ఉంచండి, ప్రెజెంటర్ వ్యూలో నోట్స్‌కు దొరికే చోటు తక్కువ.

ఫైల్ రాకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, వర్డ్‌లో స్లైడు నంబరు, శీర్షిక, కింద నోట్స్ రాసి పీడీఎఫ్‌గా పంపడం. చాలామందికి ఇదే చాలు, ప్రింటు తీసి చేతిలో పట్టుకుంటారు. రెండోది, ఫోటోలతోనే ఫైల్ కట్టడం. విండోస్ పవర్‌పాయింట్‌లో Insert, Photo Album, New Photo Album నొక్కి ఫోటోలన్నీ ఎంచుకుంటే ఒక్కో ఫోటో ఒక్కో స్లైడు అవుతుంది. మొదట్లో అదనంగా ఒక శీర్షిక స్లైడు తనే పెడుతుంది, దాన్ని తీసేయండి. లేకపోతే మీ నోట్స్ నంబర్లన్నీ ఒకటి జరిగిపోతాయి. తర్వాత File, Print లో Notes Pages ఎంచుకుంటే పైన ఫోటో, కింద నోట్స్‌తో పేజీలు వస్తాయి. ఇలా చేసిన ఫైల్ వక్త చదువుకోవడానికే, సభలో వంకర ఫోటోలు చూపించడానికి కాదు. ఆ మాట పంపేటప్పుడే చెప్పండి.

9. సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

మొదట ఆరు స్లైడ్ల ‘తప్పక’ భాగాలు మాత్రమే, మధ్యలో ఏమీ కలపకుండా, ఒక మనిషికి చదివి వినిపించండి. స్లైడ్లు చూపించకండి. అయ్యాక ‘ఓఆర్‌ఎస్ ఎలా కలుపుతారు, బిడ్డను ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్తారు’ అని అడగండి. ఆ రెండూ చెప్పగలిగితే ‘తప్పక’ నిలబడినట్టే. ఎక్కడ ‘ఏంటి, ఏది?’ అని ఆపారో అక్కడ వాక్యం విరిగిందని అర్థం.

తర్వాత అంకెలు. నోట్స్‌లో ఉన్న ప్రతి అంకె మీదా వేలు పెట్టి, అది ఏ ఫోటోలో ఉందో చూడండి. ఫోటోలో లేని అంకె ఉంటే అది మీరు కలిపింది. దాని పక్కన గుర్తు ఉందా? పై ఉదాహరణలో విద్యార్థుల కోసం రాసిన గ్లూకోజు, ఉప్పు గ్రాములు ఈ వడపోతలో దొరుకుతాయి. అవి నిజమే, కానీ స్లైడులో లేవు. కాబట్టి వాటికీ ‘వక్త సరిచూడాలి’ గుర్తు పెట్టి పంపాలి.

చివరగా ‘వినేవాళ్లను బట్టి’ భాగాలన్నీ తీసేసి మిగతాది ఒకసారి చదవండి. ఎక్కడైనా ‘మీ కేంద్రంలో’, ‘మీ వార్డులో’, ‘మీ బిడ్డకు’ అని మిగిలి ఉంటే, తెలియకుండానే ఒక రకం వినేవాళ్లను ఊహించుకుని రాశారన్నమాట. ‘మీ బిడ్డకు’ను ‘బిడ్డకు’ చేస్తే చాలు.

జవాబు ఆలస్యంగా వచ్చినా కంగారు పడక్కర్లేదు. ‘తల్లులు, పది నిమిషాలు’ అని వస్తే, కార్యకర్తల వాక్యాలు, విద్యార్థుల వాక్యాలు తీసేయండి. మూడో స్లైడులో కలిపి చూపించడానికి మూడు నిమిషాలు ఉంచి, రెండు, నాలుగు స్లైడ్ల ‘వీలుంటే’ కొట్టేయండి. ఫైలు పేరు చివర ‘తల్లులు 10 నిమిషాలు’ అని చేర్చి పంపండి. మూడు పొరలున్న మొదటి ఫైల్‌ను మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. అవే స్లైడ్లను వచ్చే నెల నర్సింగ్ కాలేజీకి అడుగుతారు.